పాత వీడియోకు కొత్త చూపరులు

యూట్యూబులో పెట్టిన వీడియోను మొదటి వారంలో చూడకపోతే యిక యెవరూ చూడరని చాలామంది అనుకుంటూ వుంటారు. అన్ని వీడియోల విషయంలోనూ ఆ మాట నిజం కాదు. నేను పెట్టిన రెండింటి సంగతి చెబుతాను, వినండి.

మొదటిది ఒక పెద్ద సినిమా విడుదలైననాడు హాలు ముందు జరిగిన సందడి. రెండవది మా పెద్దమ్మ ఆవకాయ పెట్టే పద్ధతి. దీన్ని జూన్ నెలాఖరున పెట్టాను. అప్పటికి కాయల కాలం దాటిపోయింది. సినిమా సందడిని రెండు రోజులు యెగబడి చూశారు. వారం తిరిగేసరికి అడిగిన నాథుడు లేడు. ఆవకాయను మాత్రం రోజుకు పదిమంది చొప్పున చూస్తూనే వున్నారు. మరుసటి యేడు ఏప్రిల్‌లో ఆ సంఖ్య వందల్లోకి వెళ్ళింది.

ఇందులో మాయ యేమీ లేదు. యూట్యూబు కేవలం తేదీని చూసి వీడియోను పక్కకు నెట్టెయ్యదు. చూసే మనిషికి యిప్పుడు యేది కావాలో దాన్ని వెతికి ముందు పెడుతుంది. మార్కెట్టులోకి పచ్చడి కాయలు రాగానే, ఇన్ని కాయలకు ఉప్పెంత, ఆవపిండి యెంత అని వేలమంది ఒక్కసారే వెతుకుతారు. వచ్చినవారు చివరిదాకా చూస్తే, అటువంటి వారికే మరికొందరికి ఆ వీడియో అందుతుంది. సినిమా సందడిని గురించి మళ్ళీ అడగవలసిన అవసరం యెవరికీ రాదు. తేడా అంతా అక్కడే వుంది.

పాత వీడియో హఠాత్తుగా లేస్తే కారణం తెలుసుకోవచ్చు. యూట్యూబ్ స్టూడియోలో, చూపరులు యే దారిన వచ్చారో చెప్పే పట్టిక వుంటుంది. వెతికి వచ్చినవారు పెరిగితే, వారు టైపు చేసిన మాటలు కూడా కనిపిస్తాయి. నా పట్టికలో వేసవిలో "ఆవకాయ కొలతలు" అనే మాట పైన నిలిచింది. వానాకాలంలో "ఆవకాయకు బూజు" అన్నది పైకి వచ్చింది. వేరే వీడియో పక్కన కనబడి వచ్చినవారే యెక్కువయితే, ఆ వీడియో జోరు తగ్గగానే మనదీ తగ్గవచ్చు.

విషయం యెంచుకునే ముందే పరీక్షించే ఉపాయం ఒకటి వుంది. గూగుల్ ట్రెండ్స్‌లో ఆ మాట వ్రాసి, యూట్యూబ్ వెతుకులాటనూ, అయిదేళ్ళ కాలాన్నీ యెంచుకోండి. గీత ఒక్కచోట కొండలా లేచి నేలకు దిగితే అది నాలుగునాళ్ళ ముచ్చట. యేటా అదే నెలలో రంపపు పళ్ళలా లేస్తే ఋతువు విషయం. దాన్ని కాలానికి నెలరోజుల ముందే సిద్ధం చేసుకోవాలి. అయిదేళ్ళూ ఇంచుమించు సమంగా నడిస్తే నిత్యావసరం.

అయితే నిత్యావసరమైనదానికీ ఆయుర్దాయం వుంటుంది. పంచె కట్టే విధానం పదేళ్ళకూ మారదు గాని, ఫోనులో ఫలానా బొత్తాం యెక్కడుందో చూపిన వీడియో, ఆ బొత్తాం చోటు మారిన రోజుతో సరి.