తేదీ తలకిందులైతే సీటు పోవాలా?

కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీ కోటా కోరే అభ్యర్థి నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం సాధారణంగా ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ, ఆ తర్వాత గానీ జారీ అయి ఉండాలి. ఒక విద్యార్థిని పత్రంపై 03/06/2025 అని ఉందనుకుందాం. మనకది జూన్ 3. నెలను ముందు చదివే కంప్యూటరుకు మార్చి 6. పత్రం పాతదని తేల్చి, మనిషి చూడకముందే దరఖాస్తును తిరస్కరిస్తుంది.

నెలలో మొదటి మూడు రోజుల్లో పత్రం పొందినవారికే ఈ దెబ్బ. నాలుగో తేదీ ఏప్రిల్‌గా మారి గట్టెక్కుతుంది. పదమూడో నెల లేదు కనుక 13 నుంచి తికమకే ఉండదు. అత్యధికుల దరఖాస్తులు సాఫీగా సాగడంతో లోపం కళాశాల దృష్టికి రాదు.

కాబట్టి ఫిర్యాదు లేఖ దయను అర్థించనక్కరలేదు. దరఖాస్తు సంఖ్య, తిరస్కరణకు చెప్పిన కారణం రాసి, పత్రంలోని తేదీని, కంప్యూటరు నమోదు చేసుకున్న తేదీని పక్కపక్కన చూపాలి. పత్రం నకలు జతచేయాలి. అధికారి స్వయంగా పరిశీలించి, తదుపరి విడత సీట్ల కేటాయింపులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరాలి. విడత ముగిశాక వచ్చే న్యాయం సీటును తిరిగి తేలేదు.

కోటా కోరని అభ్యర్థి దరఖాస్తులో ఈ గడే ఉండదు. అందుకే దీన్ని వట్టి సాంకేతిక లోపమనలేం. యంత్రం తప్పు చదివినా, మూల్యం చెల్లించేది ఒక వైపువారే.