పదహారు లీటర్ల పంపు, బిళ్లంత వాషరు

రైతు ఇంటి వసారాలో కొడవలి, పార, గొడ్డలి వరసగా కనిపిస్తాయి. వీటికి అరిగేది అంచు ఒక్కటే. సానబెడితే మళ్లీ పనికొస్తాయి, కర్ర విరిగితే కొత్త కర్ర వేసుకుంటాం. అదే వరసలో మేకుకు వేలాడే మందు పంపు సంగతి మాత్రం వేరు. దాని ప్రాణం పైకి కనిపించే ట్యాంకీలో లేదు, లోపల ఉండే నాలుగైదు చిన్న ముక్కల్లో ఉంది.

నేను చదివేది భౌతికశాస్త్రమే అయినా, సెలవులకు ఇంటికి వెళితే మా మామయ్య ఎరువులు, పురుగుమందుల కొట్టులో కూర్చోవడం అలవాటు. పంపు కొనడానికి వచ్చినవారు ట్యాంకీని తట్టి చూస్తారు, పట్టీలు లాగి చూస్తారు, "గట్టిదేనా?" అని అడుగుతారు. "దీని వాషరు మన ఊళ్లో దొరుకుతుందా?" అని అడిగేవారు బహు తక్కువ. ఆ అడగని ప్రశ్నను గురించే ఈ వ్యాసం.

ముందుగా పరిమాణం సంగతి చూద్దాం. వీపున వేసుకొని చేత్తో కొట్టే పంపు ట్యాంకీ సాధారణంగా 16 లీటర్లు పడుతుంది. ఇంకా పెద్దది ఎందుకు చేయరని అడిగితే, జవాబు మనిషి వీపులోనే ఉంది. 16 లీటర్ల నీళ్లంటే 16 కిలోలు. పంపు బరువు కూడా కలిస్తే 20 కిలోలు దాటుతుంది. ఆ బరువుతో బురద మడిలోనో, పత్తి సాళ్ల మధ్యనో గంటల తరబడి నడవాలి. వరి, పత్తి, మిరప, కూరగాయలు – అంటే మనిషి చేతికి అందే ఎత్తు పైర్లన్నిటికీ ఇదే పంపు. మామిడి వంటి చెట్లకు దీని ధార చాలదు. అక్కడ కాలితో తొక్కే పంపు వాడతారు. దానికి సొంత ట్యాంకీ ఉండదు. పీపాలోంచి మందు పీల్చుకుంటుంది. ఒకరు తొక్కుతుంటే మరొకరు పొడుగాటి గొట్టంతో కొడతారు.

ఇక ట్యాంకీ దేనితో చేసినది అన్న ప్రశ్న. వెనకటి తరం పంపులు ఇత్తడివి. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌వే వాడుకలో ఉన్నాయి. ఇనుము ఎందుకు పనికిరాదో రసాయనశాస్త్ర విద్యార్థి ఇట్టే చెప్పగలడు: మైలుతుత్తం నీళ్లలో ఇనుప మేకు వేస్తే మేకు కరుగుతూ దాని మీద రాగి పేరుకుంటుంది. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం తయారయ్యేది మైలుతుత్తం, సున్నంతోనే కదా! ప్లాస్టిక్‌కు ఆ బాధ లేదు, పైగా తేలిక. దాని శత్రువు ఎండ. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటే పెళుసెక్కి, అడుగున మూలల దగ్గర బీటలు వారుతుంది. ఇత్తడి ట్యాంకీ కారితే మాటు వేయించుకోవచ్చు. ప్లాస్టిక్‌ను కాల్చి అతికించినా ఆ అతుకు ఎక్కువకాలం నిలవదు. అందుచేత ప్లాస్టిక్ పంపుకు నీడే మరమ్మతు అనుకోవాలి.

ఇప్పుడు లోపలికి వెళదాం. పిడిని పైకీ కిందకీ ఆడిస్తే గొట్టంలో ఒక పిస్టను కదులుతుంది. పిస్టను చివర గిన్నె ఆకారంలో తోలుదో, రబ్బరుదో ఒక వాషరు ఉంటుంది. నీటి ఒత్తిడికి ఆ గిన్నె అంచులు విచ్చుకొని గొట్టం గోడను అంటిపెట్టుకుంటాయి. ఒత్తిడి ఎంత పెరిగితే అంత గట్టిగా అంటుకుంటాయి. అందుకే ఇంత చిన్న ముక్క అంత పని చేయగలుగుతోంది. నీళ్లు ఒకే దిశలో పోయేందుకు రెండు కవాటాలు ఉంటాయి. ఒకటి పీల్చే దారిలో, రెండోది నెట్టే దారిలో. ఆ తర్వాత గాలి గది. నీళ్లు నొక్కితే అణగవు, గాలి అణుగుతుంది. పిడి కొట్టినప్పుడు గదిలోని గాలి అణిగి, రెండు దెబ్బల మధ్య విరామంలో విచ్చుకొంటూ నీటిని తోస్తుంది. చేయి ఆగి ఆగి కొట్టినా జల్లు ఆగకుండా రావడానికి కారణం అదే.

ఈ నిర్మాణం తెలిస్తే పంపు విప్పకుండానే జబ్బు పోల్చవచ్చు. పిడి తేలిగ్గా ఆడుతూ బరువు తెలియకపోతే వాషరు అరిగిందన్నమాట, లేదా పీల్చే కవాటంలో చెత్త ఇరుక్కున్నదన్నమాట. పిడి దానంతటదే వెనక్కి తన్నుకొస్తుంటే నెట్టే కవాటం సరిగా మూసుకోవడం లేదు. పిడి మరీ బిగుసుకుపోతే వాషరు ఉబ్బి ఉండవచ్చు. చాలా పురుగుమందుల్లో మందును కరిగించడానికి పెట్రోలియం జాతి ద్రావకాలు కలుపుతారు. నాసిరకం రబ్బరు వాటిని పీల్చి ఉబ్బుతుంది. కిరోసిన్, ఇంజను ఆయిలు పూసినా అదే ఫలితం. తోలు వాషరైతే బిగించే ముందు ఆముదంలో నానబెట్టడం మంచిది.

అన్నిటికంటె గమనించవలసినది వీపు తడవడం. మూత కింది రబ్బరు బిళ్లో, పిస్టను కడ్డీ పైకి వచ్చేచోటి వాషరో పోతే మందు నీళ్లు చుక్కలు చుక్కలుగా చొక్కాలోకి దిగుతాయి. చెమట పట్టిన చర్మం మీద ఆ తడి గంటల తరబడి ఉంటే మందు ఒంట్లోకి ఇంకుతుంది. 2017లో మన ఆదిలాబాదు సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తిచేలలో మందు కొడుతూ పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దానికి కారణాలు అనేకం చెప్పారు, ఒక్క పంపు మీదే నెట్టలేం. కాని మందు ఒంటిని తాకే దారుల్లో కారే పంపు ఒకటి, అది మూసివేయగల దారి. మందు పోసే ముందు వట్టి నీళ్లు నింపి, ఒక పాత కాగితం పంపు వీపువైపు ఆనించి పదిసార్లు పిడి కొడితే చాలు. కాగితం తడిస్తే ఆ రోజు మందు పని మానుకోవాలి.

ఇక నాజిలు. వాషరు పోతే పంపు మొరాయించి చెబుతుంది. నాజిలు అరిగితే ఏమీ చెప్పదు సరికదా, జల్లు ఇంకా జోరుగా వస్తున్నదని మనం సంతోషిస్తాం. ఎంత నష్టమో లెక్క వేసి చూద్దాం.

మా వీధిలో ఒక రైతు పంపు తీసుకొని, వట్టి నీళ్లతో, మామూలుగా కొట్టే వేగంతో ఒక నిమిషం కొట్టి, వచ్చిన నీటిని కొలజాడీలో పట్టాను. 1000 మిల్లీలీటర్లు వచ్చాయి. అదే పంపుకు అదే రకం కొత్త నాజిలు బిగించి కొడితే 800 వచ్చాయి. ఆయన నిమిషానికి 40 మీటర్లు నడుస్తారు, జల్లు మీటరు వెడల్పున పడుతుంది. అంటే నిమిషానికి 40 చదరపు మీటర్లు. ఎకరం సుమారు 4000 చదరపు మీటర్లు గనుక 100 నిమిషాల నడక. కొత్త నాజిలుతో ఎకరానికి 80 లీటర్లు, అనగా సరిగ్గా అయిదు ట్యాంకీలు. పాతదానితో 100 లీటర్లు, అనగా ఆరుంపావు ట్యాంకీలు. మందు లీటరుకు 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే మొదటి లెక్కకు 160, రెండో లెక్కకు 200 మిల్లీలీటర్లు అవుతాయి. ప్రతి ఎకరానికి ప్రతి తడవా 40 మిల్లీలీటర్ల మందు వృథా. పైగా రంధ్రం పెద్దదయ్యే కొద్దీ తుంపర్లు లావవుతాయి. లావు తుంపరు ఆకు మీద నిలవక నేలకు జారుతుంది. ఎక్కువ మందు పోసి తక్కువ పని చేయించుకోవడమే ఇది.

ఈ అరుగుదల కంటికి కనిపించదు. ఒత్తిడి మారకుండా ఉంటే ధార రంధ్రం వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ధార 25 శాతం పెరగడానికి రంధ్రం వ్యాసం 12 శాతం పెరిగితే చాలు. ఒక మిల్లీమీటరు బెజ్జం 1.12 మిల్లీమీటర్లయితే ఎవరు గుర్తుపట్టగలరు? కనుక చూసి కాదు, కొలిచి తెలుసుకోవాలి. కొత్త నాజిలు కంటె పది శాతం ఎక్కువ వస్తే, అంటే మన లెక్కలో 880 దాటితే, మార్చివేయడమే సరి. ఇత్తడి నాజిలు త్వరగా అరుగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు, పింగాణీ రకాలు ఎక్కువకాలం ఆగుతాయి. ఇత్తడిదానికి ఇంకో శత్రువు మన చేతిలోని పిన్నీసు. నాజిలు పూడితే పిన్నీసుతో పొడవడం, నోటితో ఊదడం పల్లెల్లో మామూలు. మొదటిది రంధ్రాన్ని పెంచుతుంది, రెండోది మందును నోటికి చేరుస్తుంది. పాత పళ్ల కుంచె ఒకటి సంచిలో ఉంటే రెండూ తప్పుతాయి.

నాజిలు పనిని బట్టి కూడా మారాలి. పురుగుమందుకు, తెగుళ్ల మందుకు బోలు శంకువులా జల్లు విచ్చుకొనే నాజిలు మంచిది, తుంపర్లు సన్నగా వచ్చి ఆకుల మధ్యకు చేరతాయి. కలుపు మందుకు బల్లపరుపుగా, వెడల్పుగా కొట్టే నాజిలు కావాలి. అక్కడ తుంపరు గాలికి ఎగిరితే పక్క చేనుకు ముప్పు. వీలైతే కలుపు మందుకు పంపే వేరుగా ఉండాలి. 2,4-డి కొట్టిన ట్యాంకీలో మిగిలిపోయిన మడ్డి తర్వాత పత్తి మీద పడితే ఆకులు వేళ్లలా ముడుచుకుపోతాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అన్ని పంపుల పిస్టను వ్యాసం ఒకటి కాదు, నాజిలు మర చుట్లూ ఒకటి కావు. పేరు తెలియని రకం పంపు నూరు రూపాయలు చవకగా వచ్చినా, దాని వాషరు పట్నంలో కూడా దొరక్కపోతే మొదటి సీజనుతో అది అటకెక్కుతుంది. వానలు వెలిసి పురుగు లేచిన వారంలో పంపు మూలపడితే ఆ నష్టం పంపు ఖరీదుతో పోయేది కాదు. బ్యాటరీ పంపులు వచ్చినా ఈ ప్రశ్న పోలేదు. చేతి శ్రమ తగ్గింది గాని నాజిలు అరుగుదల అదే. పైగా బ్యాటరీ కూడా మార్చుకోవలసిన ముక్కల్లో చేరింది.

మా మామయ్య ఇప్పుడు పంపు అమ్మేటప్పుడు కొన్నవారి చేత ఆ కొట్టులోనే పంపు విప్పించి, బిగింపిస్తున్నారు. విప్పిన ముక్కల్లో పిస్టను వాషర్లు రెండు, కవాటం బిళ్లలు ఒక జత, మూత రబ్బరు ఒకటి, గన్ లోపలి రబ్బరు రింగు ఒకటి, నాజిళ్లు రెండు అదే రోజు అదనంగా కొనమంటున్నారు. ఎవరైనా "ఇప్పుడెందుకులే, పోయినప్పుడు కొనుక్కుంటాం" అంటే ఆయన చెప్పే జవాబు ఒకటే: "పోయినప్పుడు ఊళ్లో అందరివీ ఒకేసారి పోతాయి నాయనా, నా దగ్గర ఉండేవి పది!"