మూత తీసిన కొలిమిలో సెగ ఎక్కడిది?

ఇనుప పనిముట్లను కాల్చి గట్టిపరిచే చోట నిలువు గొయ్యిలా ఉండే కరెంటు కొలిమి ఒకటి ఉంటుంది. లోపలి వ్యాసం 60 సెంటీమీటర్లు, లోతు కూడా 60 అనుకుందాం. మూత తీయగానే సెగ ముఖానికి కొడుతుంది. అది అడుగు నుంచి వస్తోందా, గోడ నుంచా? తొంగిచూస్తే ఎదురుగా ఎర్రగా కనిపించేది అడుగు కాబట్టి చాలామంది దాన్నే చూపిస్తారు.

ఒక ఉపరితలం వెదజల్లిన వేడి కిరణాల్లో ఎంత వంతు నేరుగా మరో ఉపరితలాన్ని చేరుతుందో చెప్పే సంఖ్యే వ్యూ ఫ్యాక్టర్. ఎంత వేడెక్కిందన్నది దీనికి అక్కర్లేదు, ఆకారమూ అమరికా తెలిస్తే చాలు. అడుగును 1 అనీ, గోడను 2 అనీ, తెరిచిన నోటిని 3 అనీ పిలుద్దాం. నోటి దగ్గర ఏ వస్తువూ లేకపోయినా, అక్కడ ఒక పొర బిగించి ఉన్నట్టే లెక్క.

పుస్తకంలోని పట్టిక నుంచి మనకు కావలసింది ఒకే ఒక్క సంఖ్య. వ్యాసమంత ఎడంలో ఎదురెదురుగా ఉన్న రెండు సమాన వృత్తాలకు F13 = 0.172. మిగతావన్నీ కూడికలు, తీసివేతలతోనే వస్తాయి. అడుగు చదునైనది, తనను తాను చూసుకోదు. దాని నుంచి బయల్దేరినది గోడకో నోటికో చేరాలి, అంటే వంతులన్నీ కలిపితే 1 కావాలి. కాబట్టి F12 = 1 − 0.172 = 0.828.

ఇప్పుడు గోడ వైపు నుంచి చూద్దాం. A1F12 = A2F21 అన్నది రెండో నియమం. ఒక్కో ఉపరితలం వైశాల్యాన్ని అవతలిదాన్ని అది చూసే వంతుతో గుణిస్తే, రెండు లబ్ధాలూ సమానం. ఈ కొలిమిలో గోడ వైశాల్యం అడుగుకు సరిగ్గా 4 రెట్లు, కాబట్టి F21 = 0.828 ÷ 4 = 0.207. నోరు కూడా అడుగంతే ఉంది కాబట్టి F23 కూడా 0.207. మిగిలిన 0.586 వంతు గోడ తన మీదే వేసుకుంటుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. గోడ వంపు తిరిగిందన్న సంగతి మరిచి F22ను సున్నా అనుకుంటే F21 సగం అవుతుంది. అప్పుడు రెండో నియమం ప్రకారం F12 = 2 అని తేలుతుంది. అడుగు తాను పంపినదానికి రెట్టింపు గోడకు చేర్చిందన్నమాట! 1 దాటిన వ్యూ ఫ్యాక్టర్ కనిపిస్తే ఇక ముందుకు పోనక్కర్లేదు.

నోటి వైపు నుంచి చూస్తే F32 కూడా 0.828. లోపలంతా ఒకే ఉష్ణోగ్రతలో, నల్లటి ఉపరితలాలుగా ఉంటే, బయటికి పోయే సెగలో 83 శాతం గోడదే. గోడను మధ్యలో విడదీసి, అక్కడ మరో ఊహా వృత్తం పెట్టుకుంటే ఇంకో అడుగు ముందుకు వెళ్లవచ్చు. 30 సెంటీమీటర్ల ఎడానికి పట్టికలో 0.382 ఉంటుంది. అంటే నోరు పై సగం గోడను 0.618 వంతు చూస్తుంది, కింది సగాన్ని 0.210 మాత్రమే.

ఈ నియమాలు కిరణాలను అన్ని వైపులా సమంగా చెదరగొట్టే గరుకు ఇటుకలకు చక్కగా సరిపోతాయి. అద్దంలా మెరిసే లోహపు గోడకు ఇవే సంఖ్యలు వాడితే జవాబు తేడా వస్తుంది. ఇటుక కొలిమి మూత తరచుగా తీయాల్సి వస్తే మాత్రం నోటి దగ్గరి హీటర్లకు విడిగా కంట్రోలు పెట్టడం మంచిది, పోయే సెగలో పెద్ద వాటా అక్కడి గోడదే కాబట్టి.