సూత్రం స్థానంలో అంకె: మారని మొత్తాలను గుర్తించడం

విడపనకల్లు మండలంలో ఐదు ఎకరాల నల్లరేగడిలో వానాధారంగా శనగ వేసే రైతు బ్యాంకు రుణం కోసం ఒక అంచనా పట్టిక తయారు చేశాడనుకుందాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే.

```
B2  ఎకరాలు                  5
B3  ఎకరాకు దిగుబడి (క్వింటాళ్లు)  6
B4  క్వింటాలు ధర             5000
B5  రాబడి                  =B2*B3*B4
B6  ఎకరాకు ఖర్చు            18000
B7  మొత్తం ఖర్చు             =B2*B6
B8  మిగులు                 =B5-B7
```

రాబడి 1,50,000, ఖర్చు 90,000, మిగులు 60,000 రూపాయలు. తీర్చవలసిన వాయిదా 40,000 కనుక ఇబ్బంది లేదు.

తరువాత ఎవరో B5లో సూత్రాన్ని చెరిపి 150000 అని నేరుగా టైపు చేశారు. ఆ రోజు రెండు విలువలూ ఒకటే కనుక తేడా కనబడదు. వాన తప్పి, దిగుబడిని 3 క్వింటాళ్లకు తగ్గించి చూసినప్పుడు తప్పు పనిచేయడం మొదలవుతుంది. రాబడి 75,000కు దిగాలి, మిగులు బదులు 15,000 నష్టం రావాలి. పట్టిక మాత్రం ఇంకా 60,000 మిగులే చూపుతుంది. దాన్ని నమ్మినవాడు తీర్చలేని అప్పు తీసుకుంటాడు.

దీన్ని పట్టుకోవడానికి ముందుగా ఫైలుకు ఒక నకలు తీసుకోండి. అందులో ఒక్కొక్క మూల విలువను విడిగా సున్నా చేసి, ఫలితం చూసి, మళ్లీ పాత విలువను ఉంచండి. B3 సున్నా అయితే రాబడి కూడా సున్నా కావాలి. 150000 అలాగే నిలిచి ఉంటే సూత్రం పోయిందని అర్థం. 5000 మిగిలితే సూత్రం చివర ఎవరో `+5000` చేర్చారన్నమాట. B4 సున్నా చేసినా రాబడి మారకపోతే, ధర సూత్రంలోనే అంకెగా ఇరుక్కుని ఉంది.

పట్టిక పెద్దదైతే ఎక్సెల్‌లో Ctrl+G నొక్కి, Special, Constants ఎంచుకుని, Numbers ఒక్కదానికే టిక్కు ఉంచండి. టైపు చేసిన అంకెలున్న గడులన్నీ ఎంపికవుతాయి. B2, B3, B4, B6 అందులో ఉండటం సహజమే. లెక్క రావలసిన B5 కూడా వాటిలో కనిపిస్తే అదే దోషి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. `=B2*B3*B4*0.9` వంటి గడి సూత్రమే కనుక ఇందులో చిక్కదు. సున్నా పరీక్షకూ దొరకదు. అందుకే చివరగా Ctrl+` నొక్కి సూత్రాలను కంటితో చదవాలి.

దోషం దొరికాక సూత్రాన్ని తిరిగి రాయండి. అయితే అంకె ఎందుకు టైపు చేశారో ముందు అడగండి. తరుగు కోసం 0.9 వేసి ఉంటే అది న్యాయమైన సవరణే కావచ్చు. దానికి పేరుతో వేరే గడి ఇచ్చి, సూత్రంలో ఆ గడిని వాడండి.

స్వయం పరీక్ష: పై పట్టికలో B7లో 90000 అని టైపు చేసి ఉంటే, ఏ గడులను సున్నా చేసినప్పుడు అది బయటపడుతుంది?