ఎవరు చేయాలి, ఎప్పటికి?

ప్రభుత్వ హైస్కూళ్లలో స్టాఫ్ మీటింగ్ మినిట్స్ బుక్ తిరగేస్తే తరచూ ఇలాంటి వాక్యం కంటపడుతుంది: "పదో తరగతి ఫలితాల గురించి చర్చించడమైనది. సంబంధిత ఉపాధ్యాయులు తగు చర్యలు తీసుకోవాలని తీర్మానించడమైనది." కింద అందరి సంతకాలూ ఉంటాయి. నెల తిరిగాక ఏం చేశారని హెచ్ఎం అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా అన్నది అందులో ఎక్కడా లేదు మరి.

ఒక మీటింగ్‌ను ఊహించుకుందాం. పన్నెండు మంది పిల్లలు లెక్కల్లో బాగా వెనకబడ్డారని లెక్కల మాస్టారు చెప్పారు. సాయంత్రం స్పెషల్ క్లాసు పెడదామంటే, పిల్లలకు బస్సు తప్పిపోతుందని సోషల్ టీచరు అడ్డు చెప్పారు. అరగంట మాట్లాడుకున్నాక పొద్దున పెట్టాలని తేలింది.

ఇందులో చర్చకు ఒక్క వాక్యం చాలు: బస్సు ఇబ్బంది వల్ల సాయంత్రం వద్దనుకున్నారు. ఎవరు ఏమన్నారో అక్కర్లేదు గానీ, ఈ కారణం మాత్రం రాసి ఉంచాలి. లేకపోతే వచ్చే నెల అదే వాదన మళ్లీ మొదటికొస్తుంది. నిర్ణయాన్ని విడిగా రాయాలి: నవంబరు 10 నుంచి ఆ పన్నెండు మందికి ఉదయం 8.15 నుంచి 9 వరకు ప్రత్యేక తరగతి.

నిర్ణయం రాసేసి ఆగిపోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఆ తరగతి నిజంగా జరగాలంటే ముందు కొన్ని పనులు కావాలి. పిల్లల జాబితా లెక్కల మాస్టారు 5వ తేదీకల్లా ఇవ్వాలి. తల్లిదండ్రులకు క్లాస్ టీచరు 7లోగా కబురు చేయాలి. ఎనిమిదింటికే గది తాళం తీయాల్సిన అటెండరు మీటింగ్‌లో లేడు కాబట్టి, అతనికి చెప్పే పని కూడా ఒకరి పేరున రాయాలి. మినిట్స్‌లో హోదాతో పాటు పేరూ ఉండాలి. ఒక పనికి ఇద్దరి పేర్లు రాస్తే ఎవరికి వారు రెండోవాళ్లు చేస్తారనుకుంటారు. సాయానికి ఎంతమందైనా ఉండొచ్చు, జవాబు చెప్పేది ఒక్కరే. సెలవులో ఉన్నవారికి పని అప్పగిస్తే వాళ్లకు తెలియజేసి సంతకం తీసుకోవాలి.

మన చేతిలో లేనిదాన్ని నిర్ణయంగా రాయకూడదు. "ప్రహరీ గోడ కట్టించాలి" అని స్టాఫ్ తీర్మానించినా నిధులు మంజూరు చేసేది పై అధికారులు. "ప్రహరీ గోడకు నిధులు కోరుతూ హెచ్ఎం 12లోగా లేఖ పంపాలి" అంటే అది జరిగే పని.

సంతకాలు ముందే పెట్టించుకుని, తీరుబడిగా తర్వాత రాసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది మానాలి. మీటింగ్ ముగిసేలోపు నిర్ణయాలు, పనులు, పేర్లు, తేదీలు పైకి చదివి వినిపిస్తే, 5వ తేదీకి కుదరదనేవారు అక్కడే చెప్పేస్తారు.

తర్వాతి మీటింగ్ ఆ పనుల పట్టికతోనే మొదలుకావాలి. కాని పనికి పాత తేదీ కొట్టేయకుండా పక్కన కొత్త తేదీ వేయాలి. ఒకే పని పక్కన మూడో తేదీ పడిందంటే దాన్ని మళ్లీ ఎజెండాలోకి తెచ్చి, మనిషిని మార్చాలో పనినే మార్చాలో మాట్లాడుకోవాలి.