కరెంటు పెట్టాక జుట్టు మళ్లీ వస్తుందా?

1896లో, ఎక్స్‌రే బయటపడి ఇంకా ఆరు నెలలు కూడా కాలేదు. తలలో తుపాకీ గుండు ఇరుక్కున్న ఒక పిల్లాడికి ఆ గుండు ఎక్కడుందో ఫోటో తీయాలని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు అనుకున్నారు. ముందుగా ప్రొఫెసర్ డేనియల్ తన సహోద్యోగి డడ్లీ తలమీద ప్రయత్నించి చూశాడు. గంటసేపు కిరణాలు పంపినా ఫోటో రాలేదు. డడ్లీకి నొప్పి లేదు, మంట లేదు. సరిగ్గా 21వ రోజున, కిరణాల గొట్టం ఉంచిన చోట రెండంగుళాల మేర జుట్టంతా ఊడిపోయింది.

ఇవాళ మన ఊళ్లలో రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. యంత్రాలు ఎంత మారినా ఆ గడువు మాత్రం మారలేదు. తలకు కరెంటు మొదలైన రెండు మూడు వారాలకు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా జుట్టు కనిపిస్తుంది. తల దువ్వుతుంటే నొప్పి లేకుండానే చేతికి వచ్చేస్తుంది. ఆ రోజు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: మళ్లీ వస్తుందా?

చాలామందికి వస్తుంది, కొందరికి కొన్ని చోట్ల రాదు. ఆ తేడా గడ్డ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి తేలేది కాదు. జుట్టు కుదుళ్లు చర్మం కింద నాలుగైదు మిల్లీమీటర్ల లోతులో ఉంటాయి. ఆ లోతులో ఎంత రేడియేషన్ పడిందన్నదే లెక్క. కుదురు అడుగున రోజూ కొత్త కణాలు పుడుతూ వెంట్రుకను పైకి నెడుతుంటాయి. వేగంగా విభజన చెందే కణాలు కాబట్టి కిరణాలకు ముందుగా దెబ్బతినేవి అవే, అందుకే జుట్టు ఊడుతుంది. వాటికి కాస్త పైన మూలకణాలు ఉంటాయి. పంట పోయినా గాదెలో విత్తనాలు మిగిలితే మళ్లీ నాటుకోవచ్చు కదా, ఈ మూలకణాలు ఆ విత్తనాల్లాంటివి. అవి బతికితే కుదురు తిరిగి లేస్తుంది, అవి కూడా పోతే మూతబడుతుంది.

ఎంత పడితే మూతబడుతుంది? రేడియేషన్‌ను ‘గ్రే’లలో కొలుస్తారు. రోజూ కొంచెం కొంచెంగా ఇచ్చే చికిత్సలో, కుదుళ్ల దగ్గర మొత్తం 43 గ్రే చేరితే సగం మందికి ఆ చోట జుట్టు శాశ్వతంగా పోతుందని 2004లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ తర్వాత వచ్చిన మరో పరిశీలనలో ఆ అంకె 36 దగ్గర తేలింది. ఇది గీత గీసినట్టుండే హద్దు కాదు. కీమో కూడా కలిస్తే తక్కువ మోతాదుకే దెబ్బ తగలొచ్చు.

ఒక లెక్క చేసి చూద్దాం. ఒకామెకు మెదడు ఎడమవైపు ముందు భాగంలో గ్లియోమా గడ్డ ఉందనుకోండి. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, రోజుకు 2 గ్రే, మొత్తం 60 గ్రే గడ్డకు ఇస్తారు. చర్మానికి అంత పడదు. ఈ యంత్రాల కిరణం పూర్తి బలం అందుకునేది చర్మం కింద ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుకు వెళ్లాకే. తల కదలకుండా వేసే ప్లాస్టిక్ జాలీ మాస్క్ మాత్రం ఆ రక్షణను కొంత తగ్గిస్తుంది. గడ్డకు దగ్గరగా, కిరణాలు ఎక్కువగా లోపలికి దిగే నుదుటి పైభాగంలో కుదుళ్లకు 75 శాతం పడితే, రోజుకు ఒకటిన్నర చొప్పున 30 రోజులకు 45 గ్రే. అక్కడ జుట్టు పూర్తిగా తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. కుడివైపు కిరణం బయటికి వెళ్లే చోట 30 శాతం పడితే మొత్తం 18 గ్రే. అక్కడా జుట్టు ఊడొచ్చు కానీ తిరిగి వస్తుంది. కుడివైపు గడ్డే లేదు కదా, అక్కడెందుకు ఊడిందని కంగారు పడేవాళ్లకు జవాబు ఇదే: కిరణం లోపలికి వెళ్లినచోటే కాదు, బయటికి వచ్చేచోట కూడా ముద్ర వేస్తుంది.

కిరణం చర్మాన్ని రాసుకుంటూ ఏటవాలుగా పోయినా దెబ్బ ఎక్కువే. మెదడు మొత్తానికి రెండు పక్కల నుంచీ 10 రోజుల్లో 30 గ్రే ఇచ్చినప్పుడు జుట్టు సాధారణంగా తిరిగి వస్తుంది. కానీ నడినెత్తిన పాపిడి పొడవునా పలచగా ఉండిపోవడం చూస్తాం. కిరణాలు అక్కడ చర్మం వెంబడే పోతాయి కాబట్టి. ప్రోటాన్ చికిత్స మెదడుకు మేలు చేయొచ్చు కానీ చర్మం విషయంలో మెరుగని అనుకోవద్దు, దాని దారిలో చర్మానికి పడే మోతాదు తక్కువేమీ కాదు.

ఈ లెక్క డాక్టర్ల కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. ఏ చోట ఎన్ని గ్రేలు పడతాయో రంగుల్లో చూపిస్తుంది. ‘డాక్టరుగారూ, నా తలచర్మానికి ఎక్కడెక్కడ ఎంత పడుతుందండీ?’ అని మొదలుపెట్టక ముందే అడగొచ్చు. గడ్డకు తగ్గకుండా చర్మానికి కొంత తగ్గించే వీలు ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

కరెంటు అయిపోయిన రెండు నుంచి నాలుగు నెలలకు నూగు మొదలవుతుంది. తర్వాత నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. కొత్త జుట్టు సన్నగానో, వంకీలుగానో, వేరే రంగులోనో రావచ్చు. ఆరు నెలలైనా ఖాళీగా ఉన్న చోటును వైద్యులు ‘మిగిలిపోయిన’ నష్టంగా లెక్కిస్తారు. ఏడాది దాటాక కొత్తగా వచ్చేది చాలా తక్కువ. చర్మవైద్యులు భూతద్దం లాంటి డెర్మోస్కోప్‌తో చూస్తే మరింత తెలుస్తుంది. సన్నని నూగు, రంధ్రాలు కనిపిస్తే ఆశ ఉన్నట్టే. రంధ్రాలే లేకుండా నున్నగా మెరుస్తుంటే కుదుళ్లు మూతబడినట్టు.

ఇంకో చిక్కుంది. ఎప్పుడో ఏడాది తర్వాత తలంతా సమానంగా పలచబడితే అది నేరుగా కిరణాల పని కాకపోవచ్చు. తలకు పడిన రేడియేషన్ వల్ల పిట్యూటరీ గ్రంథి మందగించి, దాంతో థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు. అలాంటప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు, ఫ్రీ టీ4 కూడా చూడాలి. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ కూడా జుట్టు రాలుస్తుంది. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు మింగుతూ థైరాయిడ్ పరీక్షకు వెళితే ఆ ఫలితమే తప్పుగా రావచ్చు.

గుండు కొట్టించుకుంటే ఒత్తుగా వస్తుందన్నది మన ఇళ్లల్లో గట్టి నమ్మకం. మంగలి కత్తి చర్మం పైనే ఆగిపోతుంది, కుదురు దాకా పోదు. తిరుమలలో మొక్కు తీర్చుకోవాలనిపిస్తే చర్మం పూర్తిగా మానాక తీర్చుకోండి, జుట్టు కోసమని మాత్రం వద్దు. ఉల్లిరసం, మందార నూనె రుద్దడం వల్ల ఎర్రబారిన చర్మం ఇంకా మండుతుంది. మినాక్సిడిల్ 5 శాతం ద్రావణం పలచబడిన చోట నెలల తరబడి రాస్తే కొంత గుణం కనిపిస్తుంది కానీ నున్నబడిన చోట పెద్దగా పనిచేయదు. చర్మం మానాక, వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టాలి. జుట్టు మార్పిడి కావాలంటే కిరణాలు పడని చోటు నుంచి కుదుళ్లు తీయాలి. గట్టిబడిన చర్మంలో అవి అన్నీ నిలవవు.

జుట్టు రాని చోట ఎండ తగలకుండా టోపీయో నూలు గుడ్డో వేసుకోండి. ఎన్నేళ్ల తర్వాతైనా అక్కడ మానని పుండు గానీ కొత్త బుడిపె గానీ కనిపిస్తే, జుట్టు సంగతి పక్కనపెట్టి ముందు డాక్టరుకు చూపించండి.