ఉత్పలమాల పాఠంలో సార్వత్రిక అభ్యసన రూపకల్పన

ఈ విధానాన్ని ఛందస్సు పాఠానికి అన్వయించేటప్పుడు ముందుగా మార్చవలసింది లక్ష్యవాక్యాన్ని. ‘ఉత్పలమాల పాదానికి గణవిభజన రాయుట’ అని పాఠ్యప్రణాళికలో రాసుకోవడం మన అలవాటు. ఇందులో రాయడం సాధనమే తప్ప లక్ష్యం కాదు. భ-ర-న-భ-భ-ర-వ గణక్రమాన్నీ, పదో అక్షరం దగ్గరి యతినీ గుర్తించగలగడమే లక్ష్యం.

అభ్యాసానికి పద్యాన్ని విద్యార్థే ఎంచుకోవచ్చు. ప్రబంధం నుంచి తీసుకున్నా, పౌరాణిక నాటకం నుంచి తీసుకున్నా సరే.

గురులఘు చిహ్నాలను నల్లబల్లపై మాత్రమే చూపితే చూపులేని విద్యార్థికి పాఠం అక్కడే ఆగిపోతుంది. కనుక లఘువుకు పొట్టి అట్టముక్కను, గురువుకు దానికి రెట్టింపు పొడవున్న ముక్కను వాడి పాదాన్ని పేర్చాలి. ఆ క్రమాన్నే చప్పట్లతోనూ లెక్కించాలి. పాదానికి 20 అక్షరాలు, 28 మాత్రలు. నాటకఫక్కీలో రాగం తీస్తే లఘువు సాగి గురువులా వినిపిస్తుంది. లెక్క 28 దాటిందంటే పొరపాటు అక్కడే జరిగి ఉండవచ్చు. అందుకే తొలి పఠనం రాగం లేకుండా సాగాలి.

మూల్యాంకనంలో గణవిభజన రాయవచ్చు, మౌఖికంగా చెప్పవచ్చు, సొంతంగా పాదం అల్లవచ్చు. మూడింటికీ గణాలు, యతి మాత్రమే ప్రమాణాలు. అల్లిన పాదంలోని కవిత్వానికి అదనపు మార్కులు వేస్తే కొలిచేది వేరొకటవుతుంది. విశ్వవిద్యాలయ పరీక్ష లిఖితరూపంలోనే ఉన్నచోట ఈ వెసులుబాటు అంతర్గత మూల్యాంకనానికే పరిమితం.